మెమో కాని కాగితం: ప్యాకింగ్ లైన్‌లో చిన్న ఆలస్యాల మీద రాసిన ఒక కౌన్సెలింగ్ నోట్

నేపథ్యం

హైదరాబాద్ శివార్లలోని ఒక మాత్రల తయారీ యూనిట్‌లో జరిగిన కేసు ఇది. నేను అక్కడ హెచ్‌ఆర్ సలహాదారుగా పనిచేసేదాన్ని. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను. శిక్ష కోసం కాకుండా, ఉద్యోగితో కూర్చుని సమస్య గురించి మాట్లాడి రాసుకునే కౌన్సెలింగ్ నోట్ అనే కాగితాన్ని చాలా ఫ్యాక్టరీల్లో వాడుతున్నారు. అది వార్నింగ్ లెటర్‌గా ఎప్పుడు మారిపోతుందో, మారకుండా ఎలా కాపాడుకోవాలో ఈ కేసులో స్పష్టంగా కనిపించింది. అందుకే రాస్తున్నాను.

ఆయన బ్లిస్టర్ ప్యాకింగ్ మెషిన్ ఆపరేటర్. ముప్పై దాటిన వయసు, ఎనిమిదేళ్ల పైబడిన సర్వీసు. అంతకుముందు ఒక్క మెమో కూడా లేదు. మెషిన్ మీద చెయ్యి తిరిగిన మనిషి. సీలింగ్ సరిగ్గా పడకపోతే మెకానిక్ కంటే ముందు ఆయన్నే పిలిచేవారు. ప్లాంట్‌లో మూడు షిఫ్టులు: ఏ షిఫ్ట్ ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు, బీ షిఫ్ట్ 2 నుంచి రాత్రి 10 వరకు, సీ షిఫ్ట్ 10 నుంచి మళ్లీ 6 వరకు. వారానికోసారి షిఫ్ట్ మారుతుంది. ఆదివారం సెలవు.

వచ్చిన సమస్య

ప్రొడక్షన్ వాళ్లు చెప్పినవి మూడు విషయాలు. ఒకటి, ఏ షిఫ్ట్‌కి ఆలస్యంగా వస్తున్నారు. గేటు దగ్గర బయోమెట్రిక్‌లో 6 నుంచి 17 నిమిషాల దాకా ఆలస్యం పడుతోంది. మూడు నెలల్లో ఇలా 14 సార్లు జరిగింది. రెండు, ఆలస్యమవుతుందని ముందుగా ఫోన్ చేయడం లేదు. మూడు, షిఫ్ట్ హ్యాండోవర్ రిజిస్టర్‌లో చాలా రోజులు ఆయన సంతకం ఉండటం లేదు.

పది నిమిషాల ఆలస్యానికి ఇంత గొడవ ఎందుకని బయటివాళ్లకు అనిపించవచ్చు. గేటు దాటాక బట్టలు మార్చుకుని, గౌను, క్యాప్, షూ కవర్లు వేసుకుని లైన్‌లోకి వెళ్లడానికి మరో పది నిమిషాలు పడుతుంది. సీ షిఫ్ట్ వాళ్ల బస్సు 6:15కి కదులుతుంది. 6:10కి గేటు దగ్గర పంచ్ చేసిన మనిషి మెషిన్ దగ్గరికి వెళ్లేసరికి రాత్రంతా దాన్ని నడిపినవాడు బస్సెక్కి ఉంటాడు. సీలింగ్ టెంపరేచర్ ఎంతకు పెట్టారు, రాత్రి మెషిన్ ఎందుకు ఆగింది, ఫాయిల్ రోల్ ఎప్పుడు మార్చారు వంటివి ఎదురెదురుగా చెప్పుకోవాల్సిన విషయాలు. మధ్యలో బస్సు కదిలిపోవడంతో ఆ మాటే జరగడం లేదు. అంటే ఆలస్యం, సంతకం లేకపోవడం విడివిడి తప్పులుగా కనిపించినా రెండోది చాలావరకు మొదటిదాని వల్లే వస్తోంది. పైకి మూడుగా కనిపించేవి నిజానికి ఎన్ని అని ముందు చూసుకోకపోతే, నోట్ ఛార్జ్‌షీట్‌లోని అభియోగాల పట్టీలా తయారవుతుంది.

అప్పటిదాకా చేసినవి

మొదట షిఫ్ట్ ఇన్‌చార్జి నోటిమాటగా చెప్పి చూశారు. మంచి మనిషే, కానీ చెప్పింది లైన్ మీద, నలుగురి ముందు. "ఏమయ్యా, నీ ఒక్కడికే గడియారం వేరేనా?" అన్నారట. ఆయన తలూపి మెషిన్ దగ్గరికి వెళ్లిపోయారు. కారణం అడిగితే చెప్పేవారేమో. నలుగురిలో ఎవరూ ఇంటి సంగతి చెప్పరు.

తర్వాత ప్లాంట్‌లో అందరికీ ఉన్న నియమం ఆయనకూ వర్తించింది: మూడు లేట్లకు అర రోజు క్యాజువల్ లీవ్ కోత. మూడు నెలల్లో ఆయనకు రెండు రోజుల లీవ్ పోయింది. దీనివల్ల ఎవరూ ఊహించనిది ఒకటి జరిగింది. మూడో లేటు పడే రోజున, ఎలాగూ అర రోజు పోతోంది కదా అని, ఆయన రెండుసార్లు నిజంగానే అర రోజు సెలవు పెట్టి 10 గంటలకు వచ్చారు. పది నిమిషాలు ఖాళీగా ఉండాల్సిన మెషిన్ నాలుగు గంటలు మనిషి లేకుండా ఉండిపోయింది. ఇలాంటి కోత ఉన్న ఏ ప్లాంట్‌లోనైనా లేట్ లిస్టు పక్కన హాఫ్ డే లీవుల లిస్టు కూడా పెట్టి చూడండి. లేట్లు తగ్గినట్టు కనిపించే నెలలో హాఫ్ డేలు పెరిగి ఉంటే, కోత పనిచేయడం లేదని అర్థం.

మూడోసారి ప్లాంట్ హెచ్‌ఆర్ 'అడ్వైజరీ లెటర్' ఇచ్చింది. కౌన్సెలింగ్ చేస్తున్నామనే వాళ్ల ఉద్దేశం. కానీ కాగితం ఎలా ఉందో చూడండి: కంపెనీ లెటర్‌హెడ్, రిఫరెన్స్ నంబరు, అంతా ఇంగ్లిష్, 'మీరు అలవాటుగా ఆలస్యంగా వస్తున్నారు' అనే అర్థంలో ఒక వాక్యం, 'మళ్లీ జరిగితే తీవ్రంగా పరిగణిస్తాం' అని ముగింపు, కింద 'కాపీ: పర్సనల్ ఫైల్'. ఆయన సంతకం పెట్టనన్నారు. అప్పుడు ఇద్దరు సాక్షులను పిలిచి 'తీసుకోవడానికి నిరాకరించారు' అని రాయించారు. ఛార్జ్‌షీట్ తీసుకోకపోతే చేసే పని అది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో అందరి నోటా ఒకటే మాట: ఫలానా ఆయనకు మెమో ఇచ్చారు.

ఫైలు నా దగ్గరికి వచ్చింది ఆ దశలో.

ఆ లెటర్‌ను ఎందుకు వెనక్కి తీసుకోమన్నాను

పేరు అడ్వైజరీ అయినా దాని పని వార్నింగ్ పనే. అప్పటికి ఆ యూనిట్‌లో 1946 నాటి పారిశ్రామిక ఉపాధి (స్టాండింగ్ ఆర్డర్స్) చట్టం కింద సర్టిఫై అయిన స్టాండింగ్ ఆర్డర్స్, అంటే కార్మికుల పని నియమాలు, అమల్లో ఉన్నాయి. కేంద్ర నమూనా స్టాండింగ్ ఆర్డర్స్‌లో దుష్ప్రవర్తనగా రాసిన వాటిలో అలవాటుగా ఆలస్యంగా రావడం ఒకటి. అక్కడి స్టాండింగ్ ఆర్డర్స్‌లోనూ అదే ఉంది. కాబట్టి లెటర్‌లో ఆ వాక్యం రాయడమంటే దుష్ప్రవర్తన జరిగిందని తేల్చేయడమే. ఆరోపణ చెప్పి వివరణ అడగకుండానే తేల్చేశారు.

రెండో చిక్కు పర్సనల్ ఫైల్. ఎప్పుడైనా శిక్ష వేయాల్సి వస్తే, తప్పు తీవ్రతతో పాటు ఆ కార్మికుడి గత రికార్డును కూడా చూడాలని అప్పటి అదే నమూనా స్టాండింగ్ ఆర్డర్స్ చెప్పాయి. నాలుగేళ్ల తర్వాత వేరే విషయంలో ఎంక్వైరీ జరిగిందనుకోండి. అప్పటి అధికారి ఫైలు తెరిస్తే ఈ లెటర్ కనిపిస్తుంది. గతంలోనూ హెచ్చరించారు అని రాసేస్తారు. గత రికార్డు ఆధారంగా శిక్ష పెంచాలనుకుంటే ఆ సంగతి ముందే నోటీసులో చెప్పి, జవాబిచ్చే అవకాశం ఇవ్వాలని సుప్రీంకోర్టు మైసూర్ రాష్ట్రం వర్సెస్ మంచే గౌడ కేసులో చెప్పింది. 1964లో రిపోర్టయిన తీర్పు అది. ప్రభుత్వోద్యోగి కేసే అయినా అందులోని న్యాయం ప్రైవేటు ఎంక్వైరీ చేసేవాళ్లకూ తెలిసి ఉండాలి. వివరణ అడగకుండా ఇచ్చిన కాగితం, సాయం పేరుతో ఇచ్చిన కాగితం, గత రికార్డుగా మారి మనిషి మీదికి తిరిగి రావడం అన్యాయం. యాజమాన్యం కోణంలో చూసినా, ఆ కాగితం మీద ఆధారపడిన శిక్ష గట్టిగా నిలబడదు.

ప్లాంట్ హెడ్ అభ్యంతరం ఒకటే: "వెనక్కి తీసుకుంటే మెత్తబడ్డామని అందరూ అనుకుంటారు. రేపు నిజంగా చర్య తీసుకోవాల్సి వస్తే చేతిలో ఏముంటుంది?" న్యాయమైన ప్రశ్నే. నేను చెప్పింది ఇది. చేతిలో బయోమెట్రిక్ రికార్డు ఉంటుంది. దాన్ని ఎవరూ చెరపడం లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తేదీలతో షోకాజ్ నోటీసు ఇచ్చి, వివరణ తీసుకుని, అది నచ్చకపోతే వార్నింగ్ ఇవ్వవచ్చు. ఆ దారి మూసుకుపోదు. ఈ లెటర్ ఉంటే ఆ దారి దగ్గరవదు సరికదా, పాడవుతుంది.

లెటర్‌ను వెనక్కి తీసుకున్నట్టు ఆయనకు రెండు లైన్లు రాసి ఇచ్చారు. పర్సనల్ ఫైల్ నుంచి లెటర్‌నూ, సాక్షుల సంతకాల కాగితాన్నీ తీసేశారు.

రిజిస్టర్‌లో కనిపించిన మరో సంగతి

మాట్లాడే ముందు గేటు పంచ్ టైములూ, హ్యాండోవర్ రిజిస్టర్ పేజీలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆలస్యమైన 14 రోజుల్లో కొన్ని రోజులు సంతకం ఖాళీగా ఉంది. మిగతా రోజులు సంతకం ఉంది, పక్కన టైము 6:00 అని ఉంది. ఆ రోజుల్లో ఒకదానికి గేటు పంచ్ 6:09.

మందుల ప్లాంట్‌లో ఇది చిన్న విషయం కాదు. పని జరిగినప్పుడే, జరిగిన టైముతోనే రాయాలన్నది రికార్డుల మొదటి నియమం. లేని టైము రాయడం డేటా ఇంటెగ్రిటీ ప్రశ్న. క్వాలిటీ అష్యూరెన్స్, అంటే క్యూఏ, చూడాల్సింది.

ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆలోచించింది ఇక్కడే. ఒక ఆలోచన, దీన్ని కూడా మాటల్లో కలిపేసి 'ఇకపై సరిగ్గా రాయండి' అని నోట్‌లో ఒక లైను పెట్టడం. అది ఆయనకు మేలు చేసినట్టు కనిపిస్తుంది. కానీ క్వాలిటీ వాళ్లకు చెప్పాల్సినదాన్ని హెచ్‌ఆర్ కాగితంలో దాచినట్టవుతుంది. రేపు ఆడిట్‌లో బయటపడితే మొదట ఇబ్బంది పడేది ఆయనే. రెండో ఆలోచన, కూర్చున్నప్పుడు దాని గురించి అడిగి, ఆయన చెప్పింది విని, ఆ తర్వాత క్యూఏకి చెప్పడం. ఇది ఇంకా తప్పు. ఇది శిక్ష కోసం కాదు అని కూర్చోబెట్టి, ఆ భరోసా మీద ఆయన చెప్పిన మాటను విచారణకు పంపడం మోసం. అలా ఒక్కసారి జరిగితే ఆ ప్లాంట్‌లో ఇంకెవరూ హెచ్‌ఆర్ ముందు నోరు విప్పరు.

అందుకని ఆయనతో కూర్చోకముందే విషయాన్ని క్యూఏ హెడ్‌కి ఇచ్చాను. వాళ్లు దాన్ని డీవియేషన్‌గా, అంటే పద్ధతి తప్పిన సంగతిగా, నమోదు చేసి మూడు లైన్ల రిజిస్టర్లూ తీశారు. ఆయన ఒక్కడే కాదు, అందరి ఎంట్రీలూ 6:00, 14:00, 22:00 అనే ఉన్నాయి. ఫార్మాట్‌లో టైముకు ఉన్నది ఒకే గడి, దాని మీద 'షిఫ్ట్ టైమ్' అని అచ్చు వేసి ఉంది. హ్యాండోవర్ తీసుకున్న టైము రాయాలని ఎవరికీ తోచలేదు. షిఫ్ట్ మొదలయ్యే టైము రాస్తున్నామనే అందరూ అనుకున్నారు. ఫార్మాట్ మార్చి ఇచ్చిన టైము, తీసుకున్న టైము అని రెండు గడులు పెట్టారు. మూడు షిఫ్టులకూ మళ్లీ ట్రైనింగ్ ఇచ్చారు. విషయం అక్కడితో ముగిసింది.

ఆయన ఒక్కడే కావాలని తప్పు టైము రాస్తున్నట్టు తేలి ఉంటే, నేను కౌన్సెలింగ్ ఆపేసేదాన్ని. అప్పుడు నడవాల్సింది షోకాజ్ దారి. ఒకే మనిషి మీద ఒకే విషయం మీద రెండు దారులూ కలిపి నడపకూడదు.

కూర్చుని మాట్లాడటం

చోటు ట్రైనింగ్ రూమ్. సమయం బీ షిఫ్ట్ మొదలయ్యే ముందు, డ్యూటీ టైముగా లెక్కేసి. కావాలంటే మీకు నమ్మకమున్న ఒకరిని తెచ్చుకోండి అన్నాను. వర్క్స్ కమిటీలో ఉన్న ఒక సీనియర్‌ను తెచ్చుకున్నారు. షిఫ్ట్ ఇన్‌చార్జిని మొదటి అరగంట పిలవలేదు.

కూర్చోగానే మూడు మాటలు చెప్పాను. ఇది ఎంక్వైరీ కాదు. రిజిస్టర్ టైముల సంగతి క్యూఏ చూస్తోంది, దాని గురించి ఇక్కడ అడగను, మీరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడ చెప్పే ఇంటి విషయాలు నోట్‌లో రాయాలా వద్దా అన్నది మీ ఇష్టం. పూర్తి రహస్యంగా ఉంటుందని మాత్రం మాట ఇవ్వలేదు. కోర్టో, లేబర్ అధికారో ఏ కాగితమైనా తెమ్మంటే ఇవ్వాల్సి వస్తుంది. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందనిపిస్తే చెప్పాల్సి వస్తుంది. ఈ హద్దులు ముందే చెప్పకుండా 'మన మధ్యే ఉంటుంది' అనేయడం చాలామందికి అలవాటు. నిలబెట్టుకోలేని మాట అది.

ప్రశ్న ఎక్కడ మొదలుపెట్టాలన్నది హాజరు పట్టికే చెప్పింది. 13 వారాల్లో నాలుగు వారాలు ఆయనకు ఏ షిఫ్ట్ పడింది, మొత్తం 24 రోజులు. 14 ఆలస్యాలూ అందులోనివే. వారంలో ఏ రోజు అని చూస్తే ఒక పద్ధతి ఏమీ దొరకలేదు. వారాలవారీగా చూస్తే మాత్రం ఒక ఏ షిఫ్ట్ వారం మొత్తం, ఆరు రోజులూ టైముకు వచ్చారు. బద్ధకమో, నిర్లక్ష్యమో అయితే ఒక వారం మొత్తం వదిలిపెట్టదు. ఎందుకు ఆలస్యమవుతోంది అని అడిగితే ఎవరైనా సంజాయిషీ ఇచ్చుకోవడం మొదలుపెడతారు. అందుకని ఇలా అడిగాను: "ఈ వారం ఆరు రోజులూ కరెక్ట్ టైముకు వచ్చారు. ఆ వారం ఎలా కుదిరింది?"

కాసేపు పట్టికనే చూశారు. "ఆ వారం మా ఆమెకు డే డ్యూటీ పడింది మేడమ్" అన్నారు.

ఆయన భార్య ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. నైట్ డ్యూటీ పడితే ఉదయం 8 తర్వాత గానీ ఇంటికి రాదు. నాలుగేళ్ల బాబును తెల్లవారుజామున లేపి, రెండు వీధుల అవతల ఉన్న పిన్నిగారింట్లో దించి, 5:20కి కంపెనీ బస్సు అందుకోవాలి. బాబు లేచి ఏడిస్తే బస్సు పోతుంది. అప్పుడు బండి మీద వస్తారు, పది నిమిషాలు ఆలస్యం. ఆయన ఏ షిఫ్టూ, ఆమె నైట్ డ్యూటీ ఒకే వారంలో పడితేనే ఈ గొడవ. రెండు వేర్వేరు సంస్థల డ్యూటీ చార్టులు ఒకదాని మీద ఒకటి పడటం వల్ల మన పట్టికలో ఏ రోజు అన్న పద్ధతి కనిపించలేదు.

ఫోన్ ఎందుకు చేయలేదంటే, లైన్‌లోకి ఫోన్లు తీసుకుపోరు. ఇన్‌చార్జి ఫోన్ ఆ టైముకు లాకర్‌లో ఉంటుంది. రెండుసార్లు చేసి ఎవరూ ఎత్తకపోతే మానేశారట. ఇది మాకెవరికీ తెలియదు. ఫోన్ చేయలేదని రాసి పెట్టుకున్నవాళ్లలో ఎవరూ ఏ నంబరుకు చేయాలో చెప్పి ఉండలేదు.

నోట్‌లో రాసింది

తర్వాత ఇన్‌చార్జిని పిలిచి నలుగురం కలిసి రాశాం. తెలుగులో, తెల్లకాగితం మీద, ఒకే పేజీ. దాదాపు ఇలా ఉంది:

"మనం మాట్లాడుకున్న విషయాలు గుర్తుంచుకోవడానికి రాసుకున్న నోట్ ఇది. ఇది మెమో కాదు, వార్నింగ్ కాదు, షోకాజ్ నోటీసు కాదు. ఎలాంటి శిక్షకూ, ఇంక్రిమెంట్‌కూ, ప్రమోషన్‌కూ దీన్ని ఆధారంగా చూపరు. పర్సనల్ ఫైల్‌లో పెట్టరు.

గమనించింది: గత మూడు నెలల్లో ఏ షిఫ్ట్‌లో 14 రోజులు 6 నుంచి 17 నిమిషాల ఆలస్యం (తేదీలు జత చేశాం). ఆ రోజుల్లో ఎదురెదురుగా హ్యాండోవర్ జరగలేదు.

ఆపరేటర్ చెప్పింది: కొన్ని వారాలు ఉదయం ఇంటి దగ్గర బాధ్యత ఉంటోంది. ఆ వారాలు నెల ముందే తెలుస్తాయి.

కంపెనీ చేసేది: ఆ వారాల్లో ఏ షిఫ్ట్ బదులు బీ షిఫ్ట్ మార్పిడికి ఇన్‌చార్జి వీలు చూస్తారు. ఆలస్యమైతే చెప్పడానికి సెక్యూరిటీ గేటు ల్యాండ్‌లైన్ నంబరు ఇచ్చాం. గేటు నుంచి లైన్‌కు ఇంటర్‌కామ్‌లో చెబుతారు.

ఆపరేటర్ చేసేది: నెల చివరి వారంలో వచ్చే నెల వీలుకాని వారాలు చెబుతారు. అయినా ఆలస్యమయ్యేటట్టు ఉంటే 5:45 లోపు గేటుకు ఫోన్ చేస్తారు.

రెండు వారాలకు, ఆరు వారాలకు, పన్నెండు వారాలకు కూర్చుని చూసుకుంటాం. పన్నెండో వారంతో ఈ నోట్ ముగుస్తుంది. అవసరమైతే ఫార్మల్ చర్య వేరే నోటీసుతో, మొదటి నుంచి, వివరణ అడిగాకే మొదలవుతుంది."

భార్య ఉద్యోగం సంగతి రాయవద్దన్నారు, రాయలేదు. షిఫ్ట్ మార్చడానికి ఆ వివరం ఇన్‌చార్జికి అక్కర్లేదు, వారాలు తెలిస్తే చాలు.

సంతకం దగ్గర మళ్లీ ఆగారు. "సంతకం పెడితే ఒప్పుకున్నట్టే కదా మేడమ్?" వెంట వచ్చిన సీనియర్ కూడా అదే అన్నారు. అందుకని కింద 'చదివాను, ఒక కాపీ అందింది' అని రాయించి, పక్కన ఆయన సొంతంగా ఏమైనా రాసుకోవడానికి నాలుగు గీతలు వదిలాం. "రావాలనే ఉంటుంది, కొన్ని రోజులు కుదరడం లేదు" అని రాసి సంతకం పెట్టారు. పెట్టనన్నా బలవంతం చేసేదాన్ని కాదు. సంతకం లేకపోయినా నోట్ పనిచేస్తుంది, ఎందుకంటే అది సాక్ష్యం కోసం రాసింది కాదు. సాక్షుల సంతకాలు అడగాల్సి వచ్చిందంటే ఆ కాగితం కౌన్సెలింగ్ నోట్‌గా ఉండటం మానేసిందని అనుకోవాలి.

'మళ్లీ జరిగితే' అనే వాక్యం కోసం ఇన్‌చార్జి పట్టుబట్టారు. చివరి లైనులో ఉన్నదానికంటే ఒక్క ముక్క కూడా పెంచలేదు. ఫార్మల్ చర్య అనేది ఒకటి ఉందని దాచకూడదు, దాచితే అదీ అబద్ధమే. కానీ ఈ నోట్ దానికి మొదటి మెట్టు అన్నట్టు ఉండకూడదు.

నోట్‌ను తాళం వేసిన హెచ్‌ఆర్ డ్రాయర్‌లో వేరే ఫోల్డర్‌లో పెట్టాం. ఆయనకో కాపీ, అంతే. ఇన్‌చార్జికి కాపీ ఇవ్వలేదు, రివ్యూ తేదీలు మాత్రం రాసుకున్నారు. మెయిల్‌లో ఎవరికీ పంపలేదు. ఒకసారి మెయిల్‌లోకి వెళ్లిన కాగితం ఎన్ని ఫోల్డర్లలో మిగులుతుందో ఎవరూ చెప్పలేరు.

ఆ తర్వాత

షిఫ్ట్ మార్పిడికి అదే గ్రేడ్ ఆపరేటర్ ఒకాయన ముందుకొచ్చారు. ఆయనకు సాయంత్రాలు పొలం పని ఉంటుంది, ఏ షిఫ్ట్ ఇష్టమే. ఇన్‌చార్జి ఒక్క జాగ్రత్త తీసుకున్నారు: మార్పిడి వల్ల ఎవరూ సీ షిఫ్ట్ దిగిన పొద్దునే ఏ షిఫ్ట్ ఎక్కకూడదు. అందుకని మార్పు వారం మొదట్లోనే, ఆదివారం సెలవు తర్వాతే.

రెండు వారాల రివ్యూలో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఐదో వారంలో ఆయన భార్యకు ఆస్పత్రిలో హఠాత్తుగా డ్యూటీ మార్చారు. ఆయనకు రెండు రోజులు ఆలస్యమైంది, 7 నిమిషాలు, 11 నిమిషాలు. రెండు రోజులూ 5:45 లోపే గేటుకు ఫోన్ చేశారు. ఇంటర్‌కామ్‌లో చెప్పగానే సీ షిఫ్ట్ ఆపరేటర్ హ్యాండోవర్ ముఖ్యాంశాలు రాసి పెట్టి, ఒక రోజు రెండు నిమిషాలు ఎక్కువే ఆగాడు.

ఇన్‌చార్జి నా దగ్గరికి వచ్చారు. "చూశారా మేడమ్, మళ్లీ మొదలు. ఇప్పుడైనా లెటర్ ఇద్దామా?" ఆయన విసుగు నాకు అర్థమైంది. కానీ మనం అడిగిన రెండింటిలో ఒకటి, ముందుగా చెప్పడం, పూర్తిగా జరిగింది. ఆలస్యం జరిగినా హ్యాండోవర్ ఆగలేదు. నోట్ రాసుకున్నది లైన్ నడవడానికి, లైన్ నడిచింది. ఆరు వారాల రివ్యూలో ఈ రెండు రోజుల గురించి మాట్లాడి, ఆస్పత్రిలో హఠాత్తుగా మార్పు వస్తే ముందు రోజు సాయంత్రమే ఇన్‌చార్జికి చెప్పాలని నోట్‌లో ఒక లైను కలిపాం.

ఒకవేళ ఫోన్ లేకుండా మళ్లీ పాత పద్ధతే కొనసాగి ఉంటే? ఆరు వారాల దగ్గర నోట్ ముగించి, కొత్త తేదీలతో షోకాజ్ ఇవ్వమనేదాన్ని. అందులో ఈ నోట్ మాట ఉండేది కాదు. 'మాకు ఎవరూ చెప్పలేదు' అని ఆయన వాదిస్తే, ఫలానా తేదీన మాట్లాడామని మాత్రం చెప్పవచ్చు. ఆయన చెప్పిన కారణాలను మాత్రం ఆయనకు వ్యతిరేకంగా తీయకూడదు.

పన్నెండు వారాల్లో ఆలస్యాలు ఆ రెండే. కొత్త ఫార్మాట్‌లో హ్యాండోవర్ సంతకాలన్నీ ఉన్నాయి. ఆయన ముందే హెచ్‌ఆర్ కాపీని చించేశాం. ఆయన కాపీ ఆయన దగ్గరే ఉంచుకున్నారు. నోట్ ఎన్ని రాశారు, ఎన్ని ముగిశాయి అన్న లెక్క మాత్రం పేర్లు లేకుండా రిజిస్టర్‌లో ఉంటుంది.

ఏ విషయానికి ఇలాంటి నోట్ పనికొస్తుందో తేల్చుకోవడానికి ఈ కేసు తర్వాత ఆ ప్లాంట్‌లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. మనిషికి ఇబ్బంది కలిగించే కారణం ఉండి, దాన్ని రెండు వైపులా సర్దుకుంటే పోయే అవకాశం ఉన్నవి నోట్‌కు వస్తాయి: కొద్ది నిమిషాల ఆలస్యం, మర్చిపోయే సంతకాలు, లీవ్ అప్లికేషన్ ఆలస్యంగా ఇవ్వడం. భద్రత, రికార్డుల నిజాయితీ, వేధింపుల ఫిర్యాదులు ఎంత చిన్నగా కనిపించినా ఇందులోకి రావు. ముఖ్యంగా వేధింపుల ఫిర్యాదును 'కౌన్సెలింగ్ చేశాం' అని మూసేయడం ఫిర్యాదు చేసినవాళ్లకు చేసే ద్రోహం. ఇంకో హద్దు: ఒకే మనిషికి అదే విషయం మీద వరుసగా రెండో నోట్ రాయకూడదు. రెండోది రాస్తున్నామంటే నిర్ణయం తీసుకోకుండా వాయిదా వేస్తున్నామని అర్థం. దానివల్ల లైన్ మీద మిగతావాళ్లకు అన్యాయం జరుగుతుంది.

మరుసటి ఏడాది సీనియర్ ఆపరేటర్ గ్రేడ్‌కు పేర్లు చూస్తున్నప్పుడు ప్రొడక్షన్ హెడ్ ప్లాంట్ హెచ్‌ఆర్‌ను అడిగారు: "ఆయనకు ఏదో మెమో ఉన్నట్టు గుర్తు, ఫైలు చూసి చెప్పండి." హెచ్‌ఆర్ అమ్మాయి ఫైలు చూసి, మెమో ఏదీ లేదని జవాబిచ్చింది. ఆయన అంతటితో ఆగక ఏడాది హాజరు పట్టిక తెప్పించుకున్నారు. అది చూడటం ఆయన హక్కు, ఆమె వెంటనే ఇచ్చింది. 14 ఆలస్యాలూ అందులో ఉన్నాయి, ఆ తర్వాతి నెలలూ ఉన్నాయి. రెండూ చూసి ఆ ఆపరేటర్ పేరును లిస్టులోనే ఉంచారు.